అడగని ఈఎంఐ: బిల్లు పడేలోపే ‘రద్దు’ అని అడగండి

ప్రశ్న: నమస్తే సార్. ఈ నెల 8న ఆన్‌లైన్‌లో 24,000 రూపాయల ఫ్రిజ్ క్రెడిట్ కార్డు మీద కొన్నాను. మొదటిసారి ఓటీపీ కొట్టినాక ‘పేమెంట్ ఫెయిల్’ అని వచ్చింది, కానీ ఫోనుకు 24,000 ఖర్చయినట్టు మెసేజ్ వచ్చేసింది. రెండోసారి చేస్తే ఆర్డరు పడింది. 11న ఇంకో మెసేజ్ వచ్చింది: 6 నెలల ఈఎంఐగా మార్చాము, వడ్డీ 15 శాతం, నెలకు 4,177, ప్రాసెసింగ్ ఫీజు 199 అని. నేను ఈఎంఐ అడిగిందే లేదు, డబ్బు చేతిలోనే ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, క్లోజ్ చేయాలంటే 3 శాతం చార్జీ అంటా ఉన్నారు. మా తమ్ముడేమో ‘24,000 కార్డుకు కట్టేయ్ అక్కా, అదే పోతుందిలే’ అంటాడు. నా బిల్లు 20న వస్తుంది. ఏం చేయాల సార్?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ 24,000 ఇప్పుడే కట్టకండి. మళ్లీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు ‘క్లోజ్ చేయండి’ అని కూడా అనకండి. ‘ఈ ఈఎంఐ నేను కోరలేదు, దీన్ని క్యాన్సిల్ చేసి మామూలు కొనుగోలుగా మార్చండి’ అని అడగండి. 20వ తేదీ బిల్లు తయారయ్యేలోపు ఈ పని జరగాలి. మీకున్న రోజులు తక్కువ కాబట్టి ఇది చదివిన రోజే ఫోన్ చేయండి. ఎందుకలా అంటున్నానో తర్వాత చదువుకోవచ్చు.

మీ తమ్ముడి మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది నష్టపోయేది అక్కడే. వినడానికి అది సబబుగానే ఉంటుంది. అప్పు 24,000, కట్టింది 24,000, ఇంక బాకీ ఎక్కడిది అనిపిస్తుంది. కానీ కార్డు లెక్క అలా నడవదు. ఈఎంఐగా మార్చినప్పుడు బ్యాంకు చేసే పని ఏమిటంటే, మీ 24,000 కొనుగోలును మామూలు ఖాతాలోంచి తీసేసి, అదే మొత్తానికి పక్కన ఒక చిన్న లోన్ తెరుస్తుంది. ఆ లోన్‌కు సొంత వడ్డీ, సొంత గడువు, చాలా బ్యాంకుల్లో సొంత నంబరు కూడా ఉంటాయి. మామూలు ఖాతాలోకి ప్రతి నెలా వచ్చేది ఆ నెల వాయిదా మాత్రమే. మీరు కట్టే డబ్బు వచ్చి పడేది మామూలు ఖాతాలో. కిరాణా కొట్టు పుస్తకంలో ఒక పేజీలో మీ పేరు మీద జమ, ఇంకో పేజీలో మీ పేరు మీదే అప్పు ఉన్నట్టు అనుకోండి. ఎవరో ఒకరు చెప్పేదాకా ఆ రెండు పేజీలూ కలవవు.

తమ్ముడు చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో చూడండి. మీ 24,000 కార్డులో జమగా కూర్చుంటుంది. దానికి మీకు పైసా వడ్డీ రాదు. నెల నెలా 4,177 అందులోంచే తరుగుతుంది, దానితోపాటు వడ్డీ మీద జీఎస్టీ కూడా. అంటే మీ దగ్గర ఉన్న డబ్బును బ్యాంకుకు ఇచ్చేసి, ఆ డబ్బు మీదే ఆరు నెలలు 15 శాతం వడ్డీ కడుతున్నారన్నమాట. ఆరో వాయిదా నాటికి ఆ జమ చాలదు, ఇంకా దాదాపు 1,487 రూపాయలు బాకీ ఉంటుంది. ఆ 1,487 ఎక్కడిదో చెప్తాను. ఆరు వాయిదాలు కలిపితే 25,061, అందులో వడ్డీ 1,061. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 191. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీతో కలిపి 235. ఈ మూడూ కలిపి 1,487. మెసేజ్‌లో నెలకు 4,177 అని మాత్రమే కనిపిస్తుంది కాబట్టి జీఎస్టీ సంగతి బిల్లు చూసేదాకా చాలామందికి తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్యాంకు దగ్గర రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి రద్దు చేయడం. అంటే ఆ మార్పిడి జరగనే లేదన్నట్టు 24,000 తిరిగి మామూలు కొనుగోలు అవుతుంది, బిల్లులో మొత్తంగా వస్తుంది, గడువులోపు కట్టేస్తే వడ్డీ ఉండదు. రెండోది ముందస్తుగా మూసేయడం, వాళ్ల భాషలో ఫోర్‌క్లోజర్ లేదా ప్రీ-క్లోజర్. అంటే ఆ లోన్ సక్రమంగానే మొదలైందని మీరు ఒప్పుకుని, గడువుకు ముందే తీర్చేస్తున్నారు. ఆ 3 శాతం చార్జీ దీనికి. మీరు ఫోన్లో ‘క్లోజ్’ అన్నారు కాబట్టి అవతలి మనిషి రెండోదాని చార్జీ చెప్పి ఉంటారు. వాళ్ల తెర మీద ఆ రెండూ వేరు వేరు రిక్వెస్టులు. మీరు ఏది అడిగితే దాని లెక్కే చెప్తారు.

ఆ తేడా డబ్బులో ఎంతో మీ లెక్కతోనే చూద్దాం. ఈరోజే ఫోర్‌క్లోజర్ చేయించుకుంటే 24,000 మీద 3 శాతం 720, దానికి జీఎస్టీ కలిపితే సుమారు 850 రూపాయలు, పైన ఈ కొన్ని రోజుల వడ్డీ. అదే రద్దయితే ఆ 850 ఉండదు. మహా అయితే ప్రాసెసింగ్ ఫీజు 235 వెనక్కి ఇవ్వకపోవచ్చు. కొన్ని బ్యాంకులు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, అడిగి చూడాలి.

రద్దు కుదరలేదు, మొదటి వాయిదా బిల్లులో పడిపోయింది అనుకుందాం. అప్పుడు మిగిలిన అసలు 20,123. దాన్ని ముందుగా తీర్చేస్తే చార్జీ, జీఎస్టీ కలిపి 712. తీర్చడం వల్ల తప్పే వడ్డీ, దాని జీఎస్టీ 898. మిగిలేది 186 రూపాయలు. రెండో వాయిదా కూడా అయ్యాక తీరిస్తే చార్జీ 573, తప్పేది 601. మిగిలేది 28 రూపాయలు, అది కూడా మధ్యలో గడిచిన రోజుల వడ్డీ వేస్తే పోతుంది. మూడో వాయిదా తర్వాత లెక్క తిరగబడుతుంది. చార్జీ 433, తప్పేది 362. అంటే ముందే తీర్చినందుకు మీరు 71 రూపాయలు ఎదురు కట్టాలి. వడ్డీ ఎక్కువగా పడేది మొదటి నెలల్లోనే కాబట్టి ఇలా అవుతుంది. అప్పు తీర్చేస్తే మనశ్శాంతి అని నాలుగో నెలలో వెళ్లి మూసేసి వచ్చేవాళ్లు ఈ లెక్క చూసుకోరు. మీది అంతదాకా వస్తే మిగిలిన మూడు వాయిదాలూ నెల నెలా కట్టుకుపోవడమే చవక.

ఈ 3 శాతం అన్ని బ్యాంకులకూ ఒకటే కాదు. మీ కార్డుకు ఎంతో కార్డుతో పాటు వచ్చిన ముఖ్య నిబంధనల పత్రంలో ఉంటుంది, బ్యాంకు వెబ్‌సైట్లో కూడా పెడతారు.

ఫోన్ చేసే ముందు ఇంకో విషయం తేల్చుకోండి. ఈఎంఐ ఎక్కడ పుట్టింది? ఆర్డరు పేజీలో ఇన్‌వాయిస్ తెరిచి, చెల్లింపు విధానం అన్నచోట ఏముందో చూడండి. అక్కడ ఈఎంఐ అని, నెలల సంఖ్యతో సహా ఉంటే, మీరు రెండోసారి ప్రయత్నించినప్పుడు ఆ ఎంపిక పడిపోయింది. ఇది చాలా మామూలుగా జరిగేదే. మొదటిసారి ఫెయిలయ్యాక పేజీ మళ్లీ తెరుచుకుంటుంది, అదే కార్డు ముందే నింపి ఉంటుంది, కింద ‘ఈఎంఐతో ఇంత తగ్గింపు’ అన్న లైనుకు ముందే టిక్ పెట్టి ఉండొచ్చు. డబ్బు పోయిందేమో అన్న కంగారులో ఎవరూ ఆ లైను చదవరు. ఓటీపీ మెసేజ్‌లో కూడా మొత్తం 24,000 అనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. ఆ తర్వాత దుకాణం నుంచి ఈఎంఐ సమాచారం బ్యాంకుకు చేరి, అక్కడ లోన్‌గా నమోదు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. మీకు 8న కొంటే 11న మెసేజ్ రావడం దీనికి సరిపోతుంది.

ఇలా అయితే బ్యాంకు వాళ్లు ‘ఇది దుకాణం పంపిన ఈఎంఐ, వాళ్లనే అడగండి’ అని తప్పించుకోవచ్చు. దుకాణం వాళ్లేమో బ్యాంకు పని అంటారు. మీరు బ్యాంకునే పట్టుకోండి. లోన్ తెరిచింది బ్యాంకు, మూసేది కూడా బ్యాంకే. దుకాణానికి మాత్రం ఒక చాట్ లేదా మెయిల్ పెట్టి, ‘ఈఎంఐ పొరపాటున ఎంపికైంది, బ్యాంకు రద్దు చేస్తే మీకు అభ్యంతరం లేదని రాయండి’ అని జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు బ్యాంకుకు చూపించడానికి పనికొస్తుంది. ఇన్‌వాయిస్‌లో ఈఎంఐ వల్ల వచ్చిన తగ్గింపు ఏమైనా ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే, రద్దు చేసినప్పుడు దాన్ని వెనక్కి తీసుకునే వీలుంది. ఆ తగ్గింపు 1,487 కన్నా ఎక్కువైతే ఈఎంఐని కదపకుండా ఉంచుకోవడమే మీకు లాభం.

ఇన్‌వాయిస్‌లో ఉత్త క్రెడిట్ కార్డు అని మాత్రమే ఉంటే కథ వేరు. అప్పుడు మార్చింది బ్యాంకే. బ్యాంకు యాప్ తెరిచినప్పుడు `Convert to EMI` అన్న బటన్ మీద వేలు తగిలి ఉండొచ్చు. లేదా ఈ మధ్యలో ఎవరో ఫోన్ చేసి ‘మీ కొనుగోలుకు మంచి ఆఫర్ ఉంది మేడం’ అంటే మీరు ‘ఊ’ అన్నదాన్ని సమ్మతి కింద రాసుకుని ఉండొచ్చు. కొన్ని బ్యాంకుల్లో ఫలానా మొత్తం దాటిన ప్రతి కొనుగోలునూ వాటంతటవే ఈఎంఐ చేసే ఏర్పాటు కూడా ఉంది. కార్డు తీసుకున్నప్పుడో, ఎప్పుడో ఒక ఆఫర్ ఒప్పుకున్నప్పుడో అది మొదలై ఉంటుంది. ఇదే కారణమైతే ఈ ఒక్క ఫ్రిజ్ రద్దు చేయించి ఊరుకుంటే చాలదు, వచ్చే కొనుగోలు కూడా అలాగే మారుతుంది. కాబట్టి ‘నా కార్డు మీద ఆటో ఈఎంఐ ఉందా? ఉంటే తీసేయండి’ అని అదే ఫోన్లో అడగండి.

ఫోన్ ఇలా చేయండి. నంబరు కార్డు వెనక ఉన్నదే వాడండి. లైన్లోకి మనిషి వచ్చాక వరసగా నాలుగు సంగతులు చెప్పండి: కొన్న తేదీ, మొత్తం, ఈఎంఐ మెసేజ్ వచ్చిన తేదీ, మీరు కోరలేదన్న మాట. తర్వాత ‘ఫోర్‌క్లోజర్ కాదు, క్యాన్సిలేషన్ రిక్వెస్ట్ వేయండి’ అని స్పష్టంగా అనండి. వాళ్లు వీలుకాదంటే, ‘నేను ఏ రోజున, ఏ మార్గంలో సమ్మతి ఇచ్చానో చూసి చెప్పండి’ అని అడగండి. ఈ ప్రశ్నకు విలువ ఉంది. రిజర్వు బ్యాంకు కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కొనుగోలును ఈఎంఐగా మార్చేముందే అసలు ఎంత, వడ్డీ ఎంత, తగ్గింపు ఉంటే ఎంత అన్నది ఖాతాదారుకు విడివిడిగా చూపించాలి. స్పష్టమైన సమ్మతి లేకుండా కార్డు మీద అప్పు సౌకర్యం అంటగట్టకూడదు. మీరు అభ్యంతరం చెప్తే దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆదేశాల పేరు మీరు చెప్పనక్కర్లేదు, సమ్మతి రికార్డు అడిగితే చాలు, మీ ఫోన్‌ను సంగతి తెలిసిన పైవాళ్ల దగ్గరికి పంపుతారు.

ఫోన్ పెట్టేసేముందు సర్వీస్ రిక్వెస్ట్ నంబరు రాసుకోండి. ఆ నంబరు లేకుండా ‘చేసేస్తాం మేడం’ అన్న మాటకు లెక్క లేదు. ఆ వెంటనే బ్యాంకు అధికారిక మెయిల్‌కు ఇలా ఒక నాలుగు వాక్యాలు పంపండి. ఇంగ్లిషులో రాయడం వస్తే అలాగే, లేకపోతే తెలుగులోనే:

‘నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. 8వ తేదీ 24,000 రూపాయల కొనుగోలును 11న 6 నెలల ఈఎంఐగా మార్చారు. దీనికి నేను సమ్మతి ఇవ్వలేదు. దయచేసి ఈఎంఐని రద్దు చేసి, మొత్తాన్ని మామూలు కొనుగోలుగా చూపి, ప్రాసెసింగ్ ఫీజు, దాని జీఎస్టీ తిరిగి జమ చేయండి. ఫోన్లో ఇచ్చిన రిక్వెస్ట్ నంబరు ఇది.’

కార్డు నంబరు మొత్తం, వెనకున్న మూడంకెలు, ఓటీపీ ఈ మెయిల్లో రాయకూడదు. ఈఎంఐ మెసేజ్ ఫోటో, ఇన్‌వాయిస్ జతచేయండి. కర్నూలు రాజ్‌విహార్ దగ్గర బ్రాంచికి వెళ్లి కూర్చుంటే పనవుతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బ్రాంచిలో సాధారణంగా కార్డు లోన్‌ను రద్దు చేసే అధికారం ఉండదు, కార్డుల విభాగం వేరే. బ్రాంచి మేనేజరు మంచి మనిషైతే మీ తరఫున ఒక మెయిల్ పెడతారు, అంతే. ఆ తిరుగుడులో మీకున్న రోజులు అయిపోతాయి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, యాప్‌లో లోన్లు లేదా ఈఎంఐ అన్న భాగంలోంచి ఆ ఫ్రిజ్ లైన్ పోవాలి, బిల్లుకాని లావాదేవీల్లో 24,000 మళ్లీ పూర్తిగా కనిపించాలి. రెండింటిలో ఒక్కటే జరిగితే పని సగంలో ఉన్నట్టు. 20న బిల్లు వచ్చాక కూడా చూడండి. అందులో 24,000 కొనుగోలుగా, వాయిదా ఏదీ లేకుండా ఉంటే, గడువు తేదీలోపు ఆ మొత్తం కట్టేయండి. తమ్ముడు చెప్పిన పని అప్పుడు చేయాలి, ముందు కాదు.

ఒకవేళ రద్దు ఇంకా నడుస్తుండగానే బిల్లు తయారై, అందులో 4,177 వాయిదాగా పడితే, కోపంతో కట్టకుండా ఆపకండి. ఆపితే ఆలస్యపు రుసుం పడుతుంది, క్రెడిట్ రికార్డుకు మచ్చ వస్తుంది, అసలు తగాదా పక్కకు పోతుంది. బిల్లులో ఉన్నది గడువులోపు కట్టండి. మెయిల్లో ‘ఇది నా అభ్యంతరానికి లోబడి కడుతున్నాను’ అని ఒక మాట జోడించండి. రద్దు అయ్యాక ఆ 4,177 మీ 24,000లోనే సర్దుబాటు అవుతుంది, వేసిన వడ్డీని వెనక్కి అడగొచ్చు.

ఇక మొదటిసారి ఫెయిలైన 24,000 సంగతి. దాన్ని ఈఎంఐ తగాదాతో కలపకండి, అది వేరే ఫిర్యాదు. ఫెయిలైనా ఖర్చయినట్టు మెసేజ్ ఎందుకు వచ్చిందంటే, మీ బ్యాంకు ఆ మొత్తానికి సరే అని చెప్పి మీ లిమిట్‌లోంచి పక్కన పెట్టింది. ఆ ‘సరే’ దుకాణం దాకా చేరేలోపు దారిలో ఎక్కడో తెగిపోయింది. క్రెడిట్ కార్డులో చాలాసార్లు దుకాణం ఆ డబ్బు అడగనే అడగదు, పక్కన పెట్టిన మొత్తం దానంతటదే మీ లిమిట్‌లోకి తిరిగి వస్తుంది. అప్పుడు ‘రీఫండ్’ అని వేరే మెసేజ్ రాకపోవచ్చు. కాబట్టి మెసేజ్ కోసం ఎదురు చూడకుండా యాప్‌లో మిగిలిన లిమిట్ ఎంతో చూడండి. ఒక 24,000 మాత్రమే తగ్గి ఉంటే మొదటిది వచ్చేసినట్టే. 48,000 తగ్గి ఉంటే ఇంకా రాలేదు.

దీనికి గడువు ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆన్‌లైన్ కొనుగోలులో కార్డు నుంచి డబ్బు పోయి దుకాణానికి ఖరారు చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దాన్ని తిప్పి ఇచ్చేయాలి. ఇవి క్యాలెండరు రోజులు. మీది 8వ తేదీ కాబట్టి 13తో ఆ గడువు అయిపోయింది. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి, అదీ మీరు అడగకుండానే. ఇప్పటికీ 48,000 తగ్గి కనిపిస్తుంటే, ఇంకో రిక్వెస్ట్ నంబరు తీసుకుని వేరే ఫిర్యాదు పెట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు లావాదేవీలూ ఒకే రోజు, ఒకే మొత్తం, ఒకే దుకాణం పేరుతో ఉన్నాయి. ‘24,000 వెనక్కి ఇవ్వండి’ అని ఊరికే రాస్తే ఆర్డరు పడిన దాన్నే వివాదంలో పెట్టే ప్రమాదముంది. అప్పుడు దుకాణం మీ ఫ్రిజ్‌ను ఆపొచ్చు. రెండు మెసేజ్‌ల్లోనూ సమయం ఉంటుంది, లావాదేవీ వివరాల్లో ఒక్కోదానికి వేరే రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఇన్‌వాయిస్‌లోని సమయంతో పోల్చి, ఆర్డరు లేని దాని సమయం, నంబరు మాత్రమే ఫిర్యాదులో రాయండి. బిల్లులో అది పూర్తయిన కొనుగోలుగా వచ్చేస్తే మాత్రం దుకాణం ఆ డబ్బు తీసుకున్నట్టు. అప్పుడు దుకాణాన్ని రీఫండ్ అడగాలి, వాళ్లు కాదంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయాలి.

మీకు ఇంకెవరైనా ‘ఆర్డరే క్యాన్సిల్ చేసేయ్, ఈఎంఐ కూడా పోతుంది’ అని చెప్పొచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్రిజ్ డబ్బు వాపసు వచ్చి మామూలు ఖాతాలో జమ అవుతుంది, పక్కన తెరిచిన లోన్ మాత్రం మూతపడకుండా నడుస్తూ ఉండొచ్చు. తమ్ముడి సలహా లాంటిదే ఇదీ, పైగా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఉండదు. సరుకు నిజంగా నచ్చక వాపసు చేసినవాళ్లు కూడా రీఫండ్ వచ్చిన రోజే బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ లోన్ మూశారా అని అడగాలి.

మీలాగే అనంతపురంలో, కడపలో షోరూంలో కార్డు గీకి ఈఎంఐలో పడ్డవాళ్ల ప్రశ్నలూ నాకు వస్తుంటాయి. వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. మిషన్ లోంచి వచ్చే చీటీ మీద ఈఎంఐ నెలలు, వడ్డీ అచ్చయి ఉంటాయి. కౌంటరు దగ్గరే అది చదివి, పొరపాటని అదే రోజు చెప్తే, ఆ రోజు లెక్క ముగించేలోపు దుకాణం వాళ్లు ఆ లావాదేవీని మిషన్ మీదే వాయిడ్ చేసి మళ్లీ మామూలుగా గీకొచ్చు. రాత్రి లెక్క ముగిశాక ఆ దారి మూసుకుపోతుంది. ఆన్‌లైన్ కొనుగోలుకు ఈ సౌకర్యం లేదు.

డబ్బు చేతిలో ఉందన్నారు కాబట్టి రద్దు చేయించమంటున్నాను. ఆ డబ్బు వేరే ఖర్చుకు అవసరమయ్యే సూచన ఉంటే, గడువు తేదీకి 24,000 మొత్తం కట్టలేమన్న అనుమానం ఏ మాత్రం ఉన్నా, ఈఎంఐనే ఉంచుకోండి. ఏడాదికి 15 శాతం ఎక్కువే, కానీ కార్డు బిల్లు పూర్తిగా కట్టకుండా మిగిల్చితే చాలా కార్డుల్లో నెలకే 3 శాతం పైన పడుతుంది. అది ఏడాదికి 36 శాతం దాటుతుంది. పైగా బాకీ మిగిలిన ఖాతాలో కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని రోజులు కూడా ఉండవు.

మెయిల్ పెట్టిన 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి హైదరాబాదు పోనక్కర్లేదు, రుసుం లేదు, వకీలు అక్కర్లేదు. `cms.rbi.org.in` లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, ఎలా చేయాలో తెలియకపోతే 14448 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకు మీరు రాసిన ఫిర్యాదు కాగితం. ఫోన్లో ఎంత మాట్లాడినా అది కాగితం కింద రాదు కాబట్టే పైన మెయిల్ గురించి అంత నొక్కి చెప్పాను.

చివరగా, కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్లో వెతికి చేయకండి. పైన కనిపించే నంబర్లలో మోసగాళ్లవి కలిసి ఉంటాయి. ఈఎంఐ రద్దు చేస్తామంటూ ఎవరైనా మీకే ఫోన్ చేసి యాప్ డౌన్‌లోడ్ చేయమన్నా, ఓటీపీ చదవమన్నా పెట్టేయండి. పొరపాటున చెప్పేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత కార్డు బ్లాక్ చేయించండి. 20న బిల్లు వచ్చాక అందులో ఏముందో, రెండు 24,000లూ ఏమయ్యాయో నాకు రాయండమ్మా.